వీడియో అయిపోయాక మొదలయ్యే పిన్ కామెంట్: ఆవకాయ వీడియో పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా

మా వదినకి యూట్యూబ్‌లో ఒక వంటల ఛానెల్ ఉంది, వంట ఆవిడది, కామెంట్ల గోల నాది. వేసవిలో ఆవకాయ వీడియో పెట్టినప్పుడు ఆవిడ రాసుకున్న పిన్ కామెంట్, అంటే మిగతా కామెంట్లన్నిటికీ పైన కనబడేలా గుచ్చి పెట్టేది, ఇదీ: "హాయ్ ఫ్రెండ్స్, వీడియో నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి, మీకు ఆవకాయ అంటే ఇష్టమా కామెంట్‌లో చెప్పండి." నేను చూసి, వదినా, ఆవకాయ ఇష్టం లేనోడు ఆవకాయ వీడియో పదకొండు నిమిషాలు ఎందుకు చూస్తాడు అన్నా. "అయితే నువ్వే రాయవయ్యా" అంది. పిన్ కామెంట్‌తో చూసేవాళ్ళ మధ్య చర్చ ఎలా మొదలుపెట్టాలో చెప్పే గైడ్ ఇది, సరే అని కూర్చుని రాసిందే దీని మొత్తానికీ ఉదాహరణ. వంట ఛానెల్ కాకపోయినా పర్లేదు, బైక్ సర్వీసింగ్ అయినా మిద్దె తోట అయినా పద్ధతి ఇంచుమించు ఇదే, కాకపోతే ఒకే వీడియో పట్టుకుని వెళ్తే విషయం తిన్నగా అర్థమవుతుంది.

ముందు వెతకాల్సింది: వీడియో ఎక్కడ ఆగిపోయింది

చాలామంది పిన్ కామెంట్ అనగానే వీడియోలో చెప్పిందే మళ్ళీ చెప్తారు, కావలసిన పదార్థాలు, కొలతలు, ఇన్‌స్టా లింకు. కొలతలు డిస్క్రిప్షన్‌లో ఉండాల్సినవి, అవి అక్కడే పెట్టండి. పిన్‌లో రావాల్సింది వీడియోలో లేనిది. ఆ లేనిది ఏంటో కనిపెట్టడమే అసలు పని, రాయడం పది నిమిషాలు పడుతుంది అంతే.

ఆవకాయ సంగతే చూడండి. వీడియో ఒక్కరోజులో తీస్తారు. కాయ కడిగి తుడిచి ఆరబెట్టి, టెంకతో ముక్క కొట్టి, జీడి తీసేసి లోపలి పొర గీకి, కారం ఆవపిండి ఉప్పు కలిపి, నూనె పోసి, జాడీకెత్తి మూతికి గుడ్డ కట్టేసి "మూడో రోజు తిరగకలుపుకోండి, బై" అంటారు. కానీ ఆవకాయ కుదిరిందా లేదా అనేది తెలిసేదే ఆ మూడో రోజు. ముక్కలోంచి ఊట ఎంత దిగింది, నూనె పైకి తేలిందా, ఉప్పు సరిపోయిందా, ఆవ ఘాటు ఎలా ఉంది, అన్నీ అప్పుడే. అంటే వీడియో సరిగ్గా అసలు కథ మొదలయ్యే చోట ఆగిపోయింది. ఎడిటింగ్ అవీ అయ్యి వీడియో పైకెక్కేసరికి ఎలాగూ మూడు రోజులు దాటిపోతాయి కాబట్టి ఆ జాడీ తెరిచి చూసిన సంగతి వదిన దగ్గర అప్పటికే ఉంది, ఎక్కడా చెప్పలేదు అంతే. పిన్ కామెంట్‌కి ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

మీ వీడియోకి ఇది ఎక్కడ దొరుకుతుందంటే మూడు చోట్ల చూడండి. ఒకటి, పైన చెప్పినట్టు కెమెరా ఆపేశాక ఏం జరిగింది అనేది. రెండోది ఎడిటింగ్‌లో కోసేసిన ముక్కలు, వదిన ఆ రోజు ఉప్పు గురించి రెండు నిమిషాలు మాట్లాడింది, కళ్ళుప్పు గ్లాసుతో కొలిస్తే స్ఫటికాల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి బరువు తక్కువ తూగుతుంది, అదే గ్లాసుతో ప్యాకెట్ మెత్తటుప్పు కొలిస్తే ఎక్కువ పడిపోయి పచ్చడి ఉప్పు కషాయం అవుతుంది అని, అది వీడియో పొడుగైపోతోందని తీసేశాం. మూడోది యూట్యూబ్ స్టూడియోలో పాత వీడియోల రిటెన్షన్ గ్రాఫ్, అంటే వీడియోలో ఏ చోట ఎంతమంది చూస్తున్నారో చూపించే గీత, అందులో గీత ఒకచోట పైకి లేచిందంటే జనం ఆ ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ చూశారని లేదా ఆ చోటే షేర్ చేశారని. మా పాత పచ్చళ్ళ వీడియోల్లో ఎప్పుడూ కొలత చెప్పిన చోటే లేస్తుంది, అంటే మనం చెప్పింది వాళ్ళకి అందలేదు, ఇంకా ఏదో కావాలి వాళ్ళకి అక్కడ.

ఈ మూడింట్లోంచి ఒక్కటే తీసుకోండి. ఉప్పు సంగతీ, నూనె సంగతీ, ఆవ చేదెక్కడం సంగతీ మూడూ ఒకే కామెంట్‌లో పెట్టామనుకోండి, చదివినవాళ్ళు బాగుంది అనుకుని కిందకి పోతారు, దేనికి జవాబివ్వాలో తెలీదు కదా. మేం నూనె తీసుకున్నాం. ఉప్పుది మిగిలిపోయింది, అది వేరే రిప్లైల్లో పనికొచ్చింది, ఆ ముచ్చట తర్వాత.

మొదటి రెండు లైన్లు

కామెంట్ పొడుగైతే యూట్యూబ్ మొదటి కొన్ని లైన్లే చూపించి మిగతాది Read more కింద దాచేస్తుంది, ఫోన్లో అయితే వీడియో కింద కామెంట్ల డబ్బా మూసి ఉన్నప్పుడు ఇంకా తక్కువే కనబడుతుంది. మన చూసేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్లోనే. కాబట్టి "అందరికీ నమస్కారం, మా ఛానెల్‌ని ఇంతగా ఆదరిస్తున్నందుకు ధన్యవాదాలు" అని మొదలుపెడితే కనబడే కాస్త జాగా ఆ దణ్ణాలకే అయిపోతుంది. నమస్కారం వీడియోలో పెట్టేశారుగా, ఇక్కడ వద్దు.

మొదటి లైన్లో వార్త ఉండాలి. అంటే నిజంగా వార్తే, ఏం జరిగిందో.

> జాడీ మూడో రోజు తెరిచాం. ఊట బానే దిగింది కానీ నూనె ముక్క మీదికి రాలేదు!

ఇది చదివినవాడు ఆగుతాడు, ఎందుకంటే వాళ్ళింట్లో కూడా జాడీ ఉంది లేదా రేపు పెట్టబోతున్నారు. గమనించండి, ఇందులో "ఒక రహస్యం చెప్తా" లాంటి ఊరింపు లేదు. ఊరించి Read more నొక్కించుకుంటే నొక్కుతారేమో కానీ లోపల సరుకు చిన్నదైతే విసుక్కుంటారు, అలా విసుక్కున్న మనిషి చర్చలోకి రాడు.

ఇంకొకటి, మనది మనమే కాస్త తగ్గించి చెప్పుకున్నట్టు ఉంది కదా ఇది, మా జాడీలో నూనె తేలలేదు అని. వదిన మొదట ఒప్పుకోలేదు, నాకు ఆవకాయ పెట్టడం రాదనుకుంటారు అంది. కానీ పచ్చడి పెట్టే ప్రతి ఇంట్లో ఇది జరిగేదే, కాయని బట్టి, పీచుని బట్టి, ఆవపిండి ఎంత మెత్తగా కొట్టారన్న దాన్ని బట్టి నూనె పీల్చుకోవడం మారుతుంది, అందుకే గదా మూడో రోజు చూసి మళ్ళీ పోసుకోమనేది. అంతా పర్ఫెక్ట్‌గా వచ్చింది అని రాస్తే అవతలివాళ్ళు చెప్పడానికి ఏం మిగలదు, సూపర్ అక్కా అని ఒక దణ్ణం ఎమోజీ పెట్టి పోతారు.

మధ్యలో: వీడియోకి ముడి వేయడం

తర్వాతి రెండు మూడు లైన్లు వీడియోలో ఒక చోటికి ముడి వేయాలి. కామెంట్‌లో 6:40 అని అంకెలు రాస్తే అదే లింకు అయిపోతుంది, నొక్కితే వీడియో అక్కడికి వెళ్తుంది. ఒక్కటే ఇవ్వండి. ఐదారు టైమ్‌లు ఇస్తే అది విషయసూచిక అవుతుంది, దానికి డిస్క్రిప్షన్‌లో చాప్టర్లు ఉన్నాయి.

> 6:40 దగ్గర గ్లాసున్నర నూనె అని చెప్పాను కదా, నాలుగు గ్లాసుల ముక్కలకి. ఈ కాయకి అది చాల్లేదు. ఇంకో అర గ్లాసు పోసి కలిపితే మర్నాటికి తేలింది. మీరు మాత్రం ముందే రెండు గ్లాసులు పోసేయకండి, గ్లాసున్నర పోసి మూడో రోజు చూసి పెంచుకోండి.

ఇక్కడ చూడండి, సవరణ కూడా అయిపోయింది. వీడియోలో ఏదైనా కొలత తప్పు దొర్లితే లేదా సగం చెప్పి వదిలేస్తే దాన్ని సరిచేయడానికి పిన్‌ని మించిన చోటు లేదు, అలాంటిది ఉన్నప్పుడు మిగతా ఐడియాలన్నీ పక్కన పెట్టి అదే రాయాలి. వీడియోలో ఒక మాట, కింద కామెంట్లలో పది మంది "అక్కా నూనె తప్పు చెప్పారు" అని ఉంటే ఇంక మీరు ఏ ప్రశ్న అడిగినా చర్చ దాని మీదే తిరుగుతుంది.

ఒక సంఖ్య, ఒక కారణం, ఒక జాగ్రత్త, ఇంతకు మించి మధ్య భాగం పెరగక్కర్లేదు. పెరుగుతోంది అనిపిస్తే అది ఇంకో వీడియో అన్నమాట.

ప్రశ్న, అసలు తంటా అంతా ఇక్కడే

ప్రశ్న అడగాలి అని అందరికీ తెలుసు. ఏ ప్రశ్న అనేదే తెలీదు. నేను చూసినంతలో మన తెలుగు ఛానెళ్ళలో మూడు రకాల ప్రశ్నలు తిరుగుతుంటాయి.

మొదటిది అవును కాదు ప్రశ్న, "మీకు ఆవకాయ ఇష్టమేనా", "వీడియో ఎలా ఉంది". జవాబు ఒక మాటలో అయిపోతుంది, ఆ మాటకి ఎవరూ రిప్లై ఇవ్వరు. రెండోది "మీది ఏ ఊరు". ఇది భలే మోసం చేస్తుంది, కామెంట్లు బోలెడు వస్తాయి, మాది తణుకు అక్కా, మాది వరంగల్, మాది డల్లాస్, మాది బళ్ళారి, చూడ్డానికి కళకళ్ళాడుతూ ఉంటుంది కానీ ఒక్కళ్ళు ఇంకొకళ్ళతో మాట్లాడరు, హాజరుపట్టీలా ఉంటుంది. మూడోది గొడవ ప్రశ్న: "ఆవకాయలో అల్లం వెల్లుల్లి ముద్ద వేయాలా వద్దా?" అబ్బో, దీనికి చర్చ ఖాయం. గోదావరి వైపు వాళ్ళు అల్లం వేస్తే అది ఆవకాయే కాదంటారు, తెలంగాణ వాళ్ళు అల్లం వెల్లుల్లి ముద్దా పోపూ లేకుండా మామిడికాయ తొక్కేంటి అంటారు, పది కామెంట్లు దాటేసరికి పచ్చడి పోయి రాష్ట్రాలు వస్తాయి, ఇంకో పది దాటితే కులాలు వస్తాయి. కామెంట్ల సంఖ్య పెరుగుతుంది నిజమే, కానీ నిజంగా పచ్చడి గురించి అడుగుదామని వచ్చిన కొత్త పెళ్ళికూతురు అది చూసి నోరు మూసుకుని వెళ్ళిపోతుంది. అదే విషయాన్ని వేరేగా అడగొచ్చు: "మీ ఇంట్లో వెల్లుల్లి రెబ్బలుగా వేస్తారా, ముద్దగా వేస్తారా, అసలు వేయరా, ఆర్నెల్ల తర్వాత రుచి ఎలా మారుతుంది?" ఇక్కడ ఎవరిది గొప్ప అనే మాట లేదు, ఎవరింట్లో ఏం జరుగుతుందో చెప్పడమే ఉంది.

అదే కిటుకు. అవతలి మనిషి అభిప్రాయం అడగొద్దు, వాళ్ళ చేతిలో ఉన్న వస్తువు గురించి అడగండి. అభిప్రాయం అడిగితే అరుపులు వస్తాయి లేదా పొగడ్తలు వస్తాయి. వాళ్ళ జాడీ గురించి అడిగితే జవాబు వాళ్ళకి మాత్రమే తెలుసు, తప్పు చెప్తానేమో అన్న భయం ఉండదు, పైగా ఇద్దరి జాడీలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. పోలిక కుదిరితేనే ఒకళ్ళ జవాబు మీద ఇంకొకళ్ళకి ప్రశ్న పుడుతుంది.

మా ప్రశ్న ఇలా తేలింది:

> మీ జాడీలో మూడో రోజు నూనె ఎక్కడిదాకా ఉంది? ఏ కాయ, ఏ నూనె, ఎంత పోశారు, ఈ మూడూ రాయండి. మాది కొత్తపల్లి కొబ్బరి, గానుగ నువ్వుల నూనె, మొత్తం రెండు గ్లాసులు.

చివరి వాక్యం చిన్నదే కానీ తీసేయకండి. మన జవాబు మనమే ముందు ఇస్తే ఎంత పొడుగు రాయాలో, ఏ రకంగా రాయాలో చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. ఆ వాక్యం లేకుండా పెడితే "బాగానే తేలింది అండి" అని వస్తుంది, ఉంటే "చిన్న రసాలు, వేరుశనగ నూనె, కేజీ ముక్కలకి అర లీటరు, ఇంకా మునగలేదు" అని వస్తుంది. ఈ రెండో రకం జవాబుకే కదా ఎవరైనా "వేరుశనగ నూనె అయితే ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందండీ" అని అడిగేది.

మూడు వివరాలకి మించి అడగొద్దు. కారం ఏ ఊరిది, జాడీ ఎంతది, కాయ ఎక్కడ కొన్నారు అని పెంచుకుంటూ పోతే అది దరఖాస్తు ఫారం అయిపోద్ది, ఎవరూ నింపరు.

భాష, లిపి, గుర్తులు

మన జనం సగం మంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేస్తారు. పిన్ మాత్రం తెలుగు లిపిలో పెట్టండి, చదవడానికి సుఖం, కానీ రిప్లై ఎవరు ఏ లిపిలో రాస్తే వాళ్ళకి ఆ లిపిలోనే ఇవ్వండి. అమెరికాలో పుట్టిన పిల్ల అమ్మ కోసం ఇంగ్లీషు అక్షరాల్లో అడిగితే తెలుగు లిపిలో జవాబిస్తే ఆ పిల్ల చదవలేకపోవచ్చు.

బోల్డ్ కావాలంటే మాటకి అటూ ఇటూ నక్షత్రం పెట్టాలి, ఇలా:

```
*మూడో రోజు* నూనె ఎక్కడిదాకా ఉంది?
```

నక్షత్రానికి బయటివైపు ఖాళీ వదలకపోయినా, కామా తగిలినా ఒక్కోసారి బోల్డ్ అవ్వకుండా నక్షత్రాలే మిగిలిపోతాయి కాబట్టి పెట్టాక ఫోన్లో ఒకసారి చూసుకోండి. ప్రశ్న ఒక్కదాన్నే బోల్డ్ చేస్తే చాలు. ఎమోజీలు మీ ఇష్టం, లైనుకి నాలుగు పెడితే మాత్రం అసలు సరుకు కనబడదు.

పిన్ చేయడం, దానికి వేళ

వీడియో ప్రైవేట్‌లో ఉండగా కామెంట్ పెట్టలేం, షెడ్యూల్ పెట్టినా ఆ టైమ్ వచ్చేదాకా అది ప్రైవేటే. కాబట్టి రెండు దారులు. ఒకటి, కామెంట్‌ని నోట్స్‌లో రాసి పెట్టుకుని వీడియో పబ్లిక్ అయిన నిమిషంలోనే వేసేయడం. రెండోది, వీడియోని ముందు అన్‌లిస్టెడ్‌లో, అంటే లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా పెట్టి, కామెంట్ వేసి పిన్ చేసి, ఎలా కనబడుతోందో చూసుకుని అప్పుడు పబ్లిక్ చేయడం. నాకు రెండోదే నచ్చుతుంది, తొలి గంటలో వచ్చేవాళ్ళే మన పాత బ్యాచ్, పచ్చళ్ళు బాగా తెలిసినవాళ్ళు, వాళ్ళు వచ్చేసరికి ప్రశ్న అక్కడ ఉండాలి.

ఛానెల్ అకౌంట్‌తో కామెంట్ వేసి, పక్కన మూడు చుక్కలు నొక్కితే Pin వస్తుంది, నొక్కండి, అంతే. మీ పర్సనల్ అకౌంట్‌తో వేసి పిన్ చేయకండి, అది వేరే మనిషి కామెంట్‌లా ఉంటుంది. Pin అసలు కనబడకపోతే స్టూడియో సెట్టింగ్స్‌లో ఛానెల్ కింద Feature eligibility చూసి అక్కడ అడిగే వెరిఫికేషన్ పూర్తి చేయండి. వీడియో Made for kids అని పెట్టి ఉంటే అసలు కామెంట్లే ఉండవు, పొరపాటున ఆ బటన్ నొక్కినవాళ్ళు నాకు తెలిసి ఉన్నారు. షార్ట్స్‌లో అయితే 2023 ఆగస్టు 31 నుంచి కామెంట్లలో లింకులు నొక్కినా పనిచేయవు కాబట్టి అక్కడ లింకు పిన్ చేసి ఉపయోగం లేదు.

ఒక వీడియోకి ఒకే పిన్. కొత్తది పిన్ చేస్తే పాతది దిగిపోతుంది, డిలీట్ అవ్వదు గానీ గుంపులో కలిసిపోతుంది.

తొలిరోజు మీరు అక్కడే ఉండాలి

పిన్ వేసి వదిలేస్తే చర్చ రాదు, ఇది ముందే చెప్తున్నా. తొలిరోజు వచ్చే జవాబులకి మీరెలా రిప్లై ఇస్తారో దాన్ని బట్టే మిగతాది. "థాంక్యూ అండి" అని రిప్లై ఇస్తే అక్కడితో ముగిసింది. హార్ట్ ఇవ్వండి, వాళ్ళకి నోటిఫికేషన్ వెళ్తుంది, సంతోషిస్తారు, థాంక్యూ పని అది చేస్తుంది. రిప్లై మాత్రం ఇంకో చిన్న ప్రశ్నకి దాచుకోండి.

మాకు వచ్చిన ఒక జవాబు చూడండి. అమెరికా నుంచి ఒకావిడ, ఇండియన్ స్టోర్‌లో పచ్చి మామిడికాయ తెచ్చి, నువ్వుల నూనె గ్లాసున్నర పోశాను, నూనె బానే తేలింది కానీ పచ్చడి ఏదో మాడిన వాసన వస్తోంది అని రాసింది. ఇక్కడ వెంటనే తీర్పు చెప్పేయొచ్చు, చెప్పలేదు, "నూనె రంగు ఎలా ఉందండీ, లేతగానా ముదురు గోధుమ రంగా, సీసా మీద ఏం రాసుంది" అని అడిగాం. ఆవిడ సీసా చూసి toasted sesame oil అని రాసింది. అది చైనా, కొరియా వంటల్లో చివర్లో కాసిని చుక్కలు వేసే నూనె, నువ్వుల్ని బాగా వేయించి తీస్తారు కాబట్టి ఆ వాసన. మన పచ్చళ్ళ నూనె వేయించని నువ్వులది, అక్కడి ఇండియన్ స్టోర్లలో gingelly oil అని దొరుకుతుంది. ఇదంతా మేం చెప్పేలోపే న్యూజెర్సీ నుంచి ఇంకొకావిడ వచ్చి, నాకూ అలాగే అయిందండీ, సీసా మీద ఈ మాట చూసి కొనండి అని చెప్పేసింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి ఒకాయన అక్కడ ఏ రకం కొట్లో దొరుకుతుందో రాశాడు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే మనం పక్కకి తప్పుకోవాలి, మధ్యలో దూరి "చాలా మంచి సమాచారం" అనక్కర్లేదు.

ఇద్దర్ని కలపడం ఇంకో పని. ఒకళ్ళు వేరుశనగ నూనెతో పెట్టి ఇంకా మునగలేదు అన్నారు, ఇంకొకళ్ళు ఏటా వేరుశనగ నూనెతోనే పెడతాం అన్నారు, వాళ్ళిద్దరికీ ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలీదు. మొదటివాళ్ళకి రిప్లై ఇస్తూ రెండోవాళ్ళ హ్యాండిల్ @ తో పెట్టి "ఈవిడ ఏటా దాంతోనే పెడతారట, ఎంత పోస్తారో అడుగుదాం" అంటే చాలు.

జనం చాలామంది పిన్ కింద రిప్లై ఇవ్వకుండా విడిగా కామెంట్ పెట్టేస్తారు, అది ఆపలేం. అందుకే పిన్ చివర "దీని కిందే రిప్లైలో రాయండి" అని ఒక ముక్క పెట్టాం, కొంతమంది వింటారు. విడిగా వచ్చినవాటిలో మంచిది ఉంటే అక్కడే రిప్లై ఇవ్వండి, ఇక్కడికొచ్చి మళ్ళీ రాయండి అని అడగొద్దు, చిరాకొస్తుంది. ఉప్పు ఎక్కువైందని విడిగా రాసినవాళ్ళకి ఇందాకటి కళ్ళుప్పు మెత్తటుప్పు సంగతి అక్కడే చెప్పాం, దాచిపెట్టుకున్న ముక్క అలా పనికొచ్చింది.

స్టూడియోలో Held for review కూడా రోజూ తెరిచి చూడండి. లింకులున్నవీ, యూట్యూబ్‌కి అనుమానం వచ్చినవీ అక్కడ ఆగిపోతాయి, పాపం పెద్ద కామెంట్ ఓపిగ్గా రాసినావిడ నా కామెంట్ డిలీట్ చేశారని అలిగే ప్రమాదం ఉంది.

చెడిపోతే ఎలా తెలుస్తుంది

కామెంట్ల మొత్తం సంఖ్య చూడకండి, అది హాజరుపట్టీకి కూడా పెరుగుతుంది. పిన్ కింద రిప్లైలు తెరిచి రెండు చూడండి: మీరు కాకుండా చూసేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఎక్కడైనా జవాబిచ్చుకున్నారా, ఒకసారి రాసినవాళ్ళు మళ్ళీ వచ్చి "మీరు చెప్పినట్టు అర గ్లాసు పోశా, తేలింది" అని రాశారా. ఈ రెండూ లేకపోతే ప్రశ్న పనిచేయలేదు. అన్నీ ఒక్కమాట జవాబులే ఉంటే ప్రశ్న మరీ తేలిక, మీ సొంత జవాబు ఉదాహరణగా చేర్చండి. అసలు ఎవరూ రాయకపోతే ప్రశ్న మరీ ఎక్కువ అడుగుతోంది, లేదా ఇంకా వాళ్ళ అనుభవంలోకి రాని సంగతి అడుగుతోంది. వీడియో చూసిన రోజే "మూడో రోజు ఎలా ఉంది" అంటే అప్పటికే జాడీ పెట్టేసినవాళ్ళే చెప్పగలరు కదా, అందుకే మేం "పోయినేడాది జాడీ సంగతైనా సరే" అని చేర్చాం.

ప్రమాదకరమైన సలహా వస్తే మాత్రం ఊరుకోవద్దు. "పైన తెల్లగా బూజు పట్టింది, ఏం చేయాలి" అని ఒకళ్ళు అడిగితే, పైపైన తీసేసి కిందది తినేయండి అని పది మంది చెప్తారు, ప్రేమగానే చెప్తారు. తడి తగిలో, ముక్క నూనె పైకి తేలి గాలి తగిలో బూజు పట్టిందంటే అది పైన కనబడినంత మేరకే ఉందని ఎవరూ చెప్పలేరు, పారేయమని ఛానెల్ పేరు మీద స్పష్టంగా రాయాలి. మర్యాదగా రాయండి, సలహా ఇచ్చినావిడ పెద్దావిడ అయ్యుంటుంది, "మీ అనుభవం కాదనడం లేదండీ, కానీ మేం అలా చెప్పలేం" అంటే చాలు.

ఇంకోటి దొంగ అకౌంట్లు. మీ ఛానెల్ బొమ్మే పెట్టుకుని, పేరు దాదాపు అలాగే పెట్టుకుని, పిన్ కింద రాసినవాళ్ళందరికీ "మీరు గిఫ్ట్ గెలిచారు, ఈ వాట్సాప్ నంబర్‌కి మెసేజ్ చేయండి" అని రిప్లైలు పెడుతుంటారు. చర్చ బాగా నడిచే పిన్ కిందే ఇవి ఎక్కువ వస్తాయి. కనబడగానే రిపోర్ట్ చేసి ఛానెల్ నుంచి హైడ్ చేయండి, స్టూడియో సెట్టింగ్స్‌లో blocked words దగ్గర whatsapp, telegram లాంటివి చేర్చండి, వాటి తెలుగు స్పెల్లింగులు కూడా.

వారం తర్వాత

జవాబులు పోగయ్యాక పిన్‌ని ఎడిట్ చేసి చివర్లో వచ్చిన సంగతులు రెండు మూడు లైన్లలో చేర్చండి. ఎడిట్ చేసిన కామెంట్ పక్కన (edited) అని వస్తుంది, పర్వాలేదు, సేవ్ చేశాక పిన్ ఇంకా అలాగే ఉందో లేదో ఒకసారి చూసుకోండి చాలు. కానీ ప్రశ్నని మార్చకండి. నూనె ప్రశ్న తీసేసి మెంతికాయ గురించి పెడితే కింద ఉన్న జవాబులన్నీ దేనికో దానికి చెప్పినట్టు అయిపోతాయి. మేం చేర్చింది ఇంతే:

> మీరు చెప్పిందాన్ని బట్టి: పీచు ఎక్కువున్న కాయ పెట్టినవాళ్ళకి నూనె ఎక్కువ పట్టింది. ఆవపిండి మరీ మెత్తగా కొట్టినవాళ్ళకీ అంతే. విదేశాల్లో ఉన్నవాళ్ళు సీసా మీద toasted అని ఉందేమో చూసి కొనండి, కింద రిప్లైల్లో వివరంగా ఉంది.

దీంట్లో లెక్కలు లేవు చూడండి, ఎంత శాతం మందికి అని రాయలేదు. రాసినవాళ్ళు రాశారు, రాయనివాళ్ళ జాడీలు మనకి తెలీవు, దాన్ని సర్వే చేసినట్టు చెప్పకూడదు.

మామూలుగా అయితే ఒక పిన్‌ని ఏళ్ళతరబడి అలా ఉంచేయొచ్చు, కానీ ఆవకాయ లాంటి సీజన్ వీడియోకి కుదరదు. జూలై వచ్చేసరికి ఎవరి జాడీలోనూ మూడో రోజు నడవదు, అప్పుడు ఆ ప్రశ్న పాతబడిపోతుంది. కొత్త కామెంట్ రాసి దాన్ని పిన్ చేయండి, పాతదాన్ని డిలీట్ చేయొద్దు, దాని కింద మాటలన్నీ పోతాయి. మా ఇప్పటి పిన్ ఇదీ:

> వానలు మొదలయ్యాక జాడీ మొన్న తెరిచాం, ముక్క ఇంకా కరకరలాడుతోంది కానీ అడుగున ముద్ద గట్టిపడింది, కాచి చల్లార్చిన నూనె ఒక గరిటెడు పోసి కలిపాం. మీ జాడీలో ముక్క మెత్తబడిందా? టెంకతో కొట్టిన ముక్కా, టెంక లేని ముక్కా, ఎక్కడ పెట్టారు అనేది కూడా రాయండి. మాది టెంకతో, పింగాణీ జాడీ, అటక మీద.